యూత్ మీటింగ్‌లో సందేహాల గురించి 12 నిమిషాలు: ఏం చెప్పాలి, ఏది వదిలేయాలి?

ప్రశ్న: "వచ్చే శనివారం మా సంఘం యూత్ మీటింగ్‌లో 'సందేహాలు, కష్టమైన ప్రశ్నలు' అనే అంశం మీద నన్ను 12 నిమిషాలు మాట్లాడమన్నారు. 15 నుంచి 22 ఏళ్ల వాళ్లు ఓ ముప్పై మంది ఉంటారు. కిందటి నెల ఒక చెల్లి లేచి 'నాన్న కోసం ఉపవాసముండి ప్రార్థన చేశాం, అయినా పోయారు, మరి దేవుడు విన్నట్టా, విననట్టా' అని అడిగింది. ఎవరమూ ఏమీ చెప్పలేక పాట పాడి ముగించేశాం. సైన్స్, నరకం, వేరే మతాలు, ఇలా ఇంకా చాలా అడుగుతున్నారు. అన్నిటికీ జవాబులు చెప్పాలంటే ఎలా ప్రిపేర్ కావాలి?"

బ్రదర్, వందనాలు. 12 నిమిషాల్లో అన్నిటికీ జవాబు చెప్పే పని పెట్టుకోకండి. ఒక్క ప్రశ్న, ఒక్క వాక్యభాగం చాలు. ఆ ప్రశ్న ఏదో వెతుక్కోనక్కర్లేదు, మీరే రాశారు. ఆ చెల్లి అడిగింది, మీరు పాట పాడి దాటేశారు. ఆ రోజు అక్కడున్న వాళ్లందరూ అది చూశారు. ఇప్పుడు మీరు సైన్స్ గురించి ఎంత బాగా చెప్పినా, "అసలుది మాత్రం మళ్లీ వదిలేశారు" అనే అనుకుంటారు.

ఇది నేను దెబ్బ తిని నేర్చుకున్నది. యూత్‌తో పని మొదలుపెట్టిన కొత్తలో ఒక సంఘం వాళ్లు నన్ను ఇదే టాపిక్ మీద పిలిచారు. పది ప్రశ్నలు, పది జవాబులు, స్లైడ్లు. 20 నిమిషాలు ఇస్తే 50 నిమిషాలు తీసుకున్నాను. పిల్లలు నోట్స్ రాసుకున్నారు, పెద్దలు బాగుందన్నారు. అంతా అయ్యాక ప్రొజెక్టర్ వైరు చుట్టుకుంటుంటే ఒక కుర్రాడు రెండో కొస పట్టుకుని సాయం చేస్తూ, నా మొహం చూడకుండా, "అన్నా, మీరు చెప్పిన పదిట్లో నాది లేదు" అన్నాడు. "ఏంటి తమ్ముడూ నీది?" అన్నాను. "ఏం లేదులే అన్నా" అని వైరు కొస నా చేతికిచ్చి వెళ్లిపోయాడు. అతని ప్రశ్నేమిటో నాకు ఈరోజుకీ తెలియదు. నేను పది తలుపులు మూసి చూపించాక పదకొండోది తెరవడానికి అతనికి ధైర్యం రాలేదని మాత్రం తర్వాత అర్థమైంది.

కాబట్టి ముందు చేయాల్సిన పని బైబిలు తెరవడం కాదు, ఆ చెల్లితో మాట్లాడటం. శనివారానికి కనీసం మూడు రోజుల ముందు, యూత్‌లో ఉన్న ఒక అక్కను తోడు పెట్టుకుని కలవండి. "కిందటి నెల నువ్వు అడిగినదానికి మేము జవాబు చెప్పలేదు, అది తప్పే. శనివారం దాని గురించే మాట్లాడదామనుకుంటున్నాను. నీ పేరు, నాన్నగారి సంగతి తీసుకురాను. నీకు సరేనా?" అని అడగండి. చాలామంది ఈ అడుగు మర్చిపోతారు. అడగకుండా మాట్లాడితే ఆ అమ్మాయి 12 నిమిషాలూ తల వంచుకుని కూర్చుంటుంది, మిగతావాళ్లు మీ మాట వినకుండా ఆమె వైపు చూస్తుంటారు. ఆమె వద్దంటే ఏం చేయాలో చివర్లో చెప్తాను.

ఇక వాక్యభాగం. సందేహం అనగానే అందరికీ తోమా గుర్తొస్తాడు. నేనైతే ఈసారికి తోమాను పక్కన పెడతాను. తోమా ఏం అడిగాడో అది దొరికింది. ఎనిమిది దినాలు గడిచాక ప్రభువు వచ్చి చేతులు చూపించాడు. నాన్న పోయిన పిల్ల ఆ కథ వింటే "తోమా కోసం వచ్చాడు, మా ఇంటికెందుకు రాలేదు?" అనుకుంటుంది. మీ దగ్గర దానికి జవాబు లేదు. అడిగింది దొరకని మనిషి కావాలి మీకు. ఆ మనిషి మత్తయి 11వ అధ్యాయంలో ఉన్నాడు: చెరసాలలో ఉన్న బాప్తిస్మమిచ్చు యోహాను.

ఆ భాగం 2 నుంచి 11 వచనాలు. ప్రిపేర్ అయ్యేటప్పుడు నాలుగు చోట్ల ఆగండి. మొదటిది, అడుగుతున్నది ఎవరు? యొర్దాను దగ్గర యేసును చూపించి "ఇదిగో లోకపాపమును మోసికొనిపోవు దేవుని గొఱ్ఱెపిల్ల" అన్నవాడే ఇప్పుడు మనుషులను పంపి "రాబోవువాడవు నీవేనా, మేము మరియొకనికొరకు కనిపెట్టవలెనా?" అని అడిగిస్తున్నాడు. తెలియనివాడి ప్రశ్న కాదిది. తెలిసి, ప్రకటించి, ఆ పరిచర్య కోసమే హేరోదు చేతిలో పడినవాడి ప్రశ్న.

రెండోది, రెండో వచనంలో చిన్న మాట ఉంది, తొందరగా చదివితే దాటిపోతుంది. క్రీస్తు చేస్తున్న కార్యాల గురించి యోహాను చెరసాలలో విన్నాడు, విన్నాకే ఈ ప్రశ్న పంపాడు. అద్భుతాలు జరగట్లేదని కాదు, జరుగుతున్నాయని తెలిసే అడిగాడు. అక్కడెక్కడో గుడ్డివాళ్లకు చూపు వస్తోంది, ఇక్కడ తలుపు మాత్రం తెరుచుకోవట్లేదు. మన సంఘాల్లో ప్రతి వారం స్వస్థత సాక్ష్యాలు వింటూ వెనక వరసలో కూర్చునే ఆ చెల్లి స్థితి సరిగ్గా ఇదే. (అందుకే ప్రోగ్రాం వేసేవాళ్లకు ముందే చెప్పండి: ఆ రోజు మీ మాటలకు ముందు గానీ వెంటనే తర్వాత గానీ స్వస్థత సాక్ష్యం పెట్టొద్దని. సాక్ష్యం తప్పని కాదు, ఆ రోజుకి అది మీ మాటలన్నిటినీ మింగేస్తుంది.)

మూడోది, యేసు పంపిన జవాబు. గుడ్డివారు, కుంటివారు, కుష్ఠరోగులు, చెవిటివారు, చనిపోయినవారు, బీదలు అని వరసగా చెప్తాడు. ఈ మాటల్లో చాలావరకు యెషయా గ్రంథంలోవి, 35వ అధ్యాయంలోవి కొన్ని, 61లోవి కొన్ని. యెషయా 61:1 తీసి పక్కన పెట్టుకుని చూడండి. అక్కడ బీదలకు సువర్తమానం ఉంది, "చెరలోనున్నవారికి విడుదల" కూడా ఉంది. యోహానుకు పంపిన జవాబులో బీదలున్నారు, చెరలో ఉన్నవాళ్లు లేరు. చెరలో కూర్చుని ఆ జవాబు విన్నవాడికి ఆ ఖాళీ తెలియకుండా ఉంటుందా? ఇక్కడ ఒక జాగ్రత్త. యేసు కావాలనే ఆ మాట వదిలేశాడని మత్తయి రాయలేదు. మీరూ అనకండి. "ఈ జాబితాలో అది లేదు" అన్నంతవరకే చెప్పి ఆగండి, అదే చాలు.

నాలుగోది నాకు చాలా ఇష్టమైనది. యోహాను పంపినవాళ్లు వెళ్లిపోతుండగా యేసు జనంతో మాట్లాడతాడు. మీరు అరణ్యంలోకి వెళ్లి చూసింది గాలికి కదిలే రెల్లునా అని అడిగి, స్త్రీలు కన్నవారిలో ఇతనికంటే గొప్పవాడు పుట్టలేదంటాడు. ఎప్పుడు? ఆ ప్రశ్న వచ్చిన అదే గంటలో. జనం అందరూ విన్నారు కదా, యోహాను తడబడ్డాడని. అందరిముందూ అతని పరువు నిలబెట్టాడు. మన దగ్గర జరిగేది దీనికి రివర్సు: పిల్ల ముందు "మంచి ప్రశ్న అమ్మా" అంటాం, ఆమె వెళ్లాక "ఈ మధ్య ఆత్మీయంగా వెనకబడింది" అంటాం.

తర్వాత ఏమైందో కూడా చెప్పాలి. 14వ అధ్యాయంలో యోహానును చంపేస్తారు. తలుపు తెరుచుకోలేదు. చాలామంది స్పీకర్లు 11లోనే ఆపేసి ఒక సంతోషమైన మాటతో ముగిస్తారు. పిల్లలు బైబిలు చదివినవాళ్లే, మిగతా కథ వాళ్లకు తెలుసు. మీరు దాచారని వాళ్లకు ఇట్టే అర్థమవుతుంది.

ఇప్పుడు ఇదంతా 12 నిమిషాల్లో ఎలా పడుతుందో చూపిస్తాను. నేను ఒకసారి మాట్లాడిన దాన్ని మీ సందర్భానికి మార్చి రాస్తున్నాను. మీ మాటల్లోకి మార్చుకోండి, బట్టీ పట్టకండి.

"అందరికీ వందనాలు. కిందటి నెల ఇక్కడ ఒక ప్రశ్న వచ్చింది. ప్రార్థన చేశాం, జరగలేదు, మరి దేవుడు విన్నట్టా, విననట్టా? ఆ రోజు మేము పాట పాడి ఇంటికెళ్లిపోయాం. అలా చేసి ఉండకూడదు. ఈరోజు ఆ ఒక్క ప్రశ్న దగ్గరే కూర్చుందాం. మత్తయి 11, రెండో వచనం నుంచి.

(చదవడం. నెమ్మదిగా, మీరే చదవండి.)

యోహాను జైల్లో ఉన్నాడు. బయట యేసు రోగుల్ని బాగుచేస్తున్నాడన్న కబురు జైల్లోకి వచ్చింది. ఒక్క నిమిషం ఆ జైల్లో కూర్చోండి. ఎవరికో చూపొచ్చింది. ఎవరో నడిచారు. మంచిదే. నా సంగతి? నేనే కదా ఈయన వస్తున్నాడని ఊరూరా చెప్పింది. ఇంతకీ నేను చెప్పింది ఈయన గురించేనా? యోహాను ఈ మాట మనసులో దాచుకోలేదు. ఇద్దరు మనుషుల్ని పంపించి అడిగించాడు. ఎవరిని అడిగించాడు? ఎవరి మీద అనుమానమొచ్చిందో ఆయన్నే. అది గమనించండి.

యేసు కోప్పడలేదు. నువ్వే ఇలా అంటే ఎలా అనలేదు. మీరు చూసింది, విన్నది వెళ్లి చెప్పండి అన్నాడు. గుడ్డివాళ్లు చూస్తున్నారు, కుంటివాళ్లు నడుస్తున్నారు, చనిపోయినవాళ్లు లేస్తున్నారు. ఈ మాట వింటే మనలో కొందరికి గుండెలో ముల్లు గుచ్చుకున్నట్టు ఉంటుంది. మా ఇంట్లోవాళ్లు లేవలేదు కదా అని. యోహానుకీ అలాగే ఉండి ఉంటుంది. ఆ జాబితాలో జైలు తలుపు లేదు. అతను బయటికి రాలేదు. అక్కడే చనిపోయాడు. నేను ఇది దాచను, ఎందుకంటే మత్తయి దాచలేదు.

మరి ఎందుకు? మీ ఇంట్లోవాళ్లను దేవుడు ఎందుకు బాగుచేయలేదు? నాకు తెలియదు. తెలుసని చెప్పేవాళ్లను నేను నమ్మను. ప్రార్థన సరిగ్గా చేయలేదనో, విశ్వాసం చాల్లేదనో ఎవరైనా మీతో అనుంటే, యోహాను విశ్వాసం చాలకే జైల్లో చనిపోయాడా అని వాళ్లను అడగండి. యేసే గెత్సేమనేలో ముమ్మారు ప్రార్థన చేశాడు, ఆ గిన్నె తప్పిపోలేదు.

నాకు తెలిసింది ఒకటుంది. యోహాను మనుషులు వెళ్లిపోతుంటే యేసు జనం వైపు తిరిగాడు. వాళ్లంతా ఆ ప్రశ్న విన్నవాళ్లే. ఏమన్నాడు? ఇతను గాలికి కదిలే రెల్లు కాదు. ఇతనికంటే గొప్పవాడు పుట్టలేదు. అడిగినందుకు యేసు లెక్కలో యోహాను ఒక్క మెట్టు కూడా దిగలేదు. యోహాను ఆ మాట వినలేదు, అప్పటికి అతని మనుషులు దారిలో ఉన్నారు. మనం విన్నాం.

ఈ వారం మీ ప్రశ్నను యోహానులాగే పంపించండి. ఆయనకే. మెత్తగా చేసి కాదు, ఉన్నది ఉన్నట్టు. ప్రార్థనలో పెద్దపెద్ద మాటలు అక్కర్లేదు. 'నువ్వేనా? లేక ఇంకెవరికోసమైనా చూడాలా?' అంత చాలు. నేను మీటింగ్ అయ్యాక అరగంట ఇక్కడే ఉంటాను."

అంతే. దీని తర్వాత ఆల్టర్ కాల్ పెట్టకండి, చేతులెత్తమనకండి. సందేహమున్నవాళ్లు చేతులెత్తండి అంటే ఎత్తినవాడికి అవమానం, ఎత్తనివాడికి అబద్ధం. చిన్న ప్రార్థన చేసి, ఒక నిమిషం నిశ్శబ్దంగా ఉండనిచ్చి కూర్చోండి.

కాగితం మీద చూస్తే ఇది చిన్నదిగా కనిపిస్తుంది. వాక్యం చదవడం, మధ్యలో ఆగడాలు, మీరు కలుపుకునే మాటలు అన్నీ చూసుకోండి, 12 నిమిషాలకు సరిపోతుంది. ఫోన్‌లో రికార్డు పెట్టి ఒకసారి బయటికి చదవండి. సమయం దాటితే మొదట్లో కోయండి, "నాకు తెలియదు" అన్న చోట మాత్రం కోయకండి. టెన్షన్‌లో అందరూ పరిగెత్తేది అక్కడే. ఆ మాట అన్నాక మూడు సెకన్లు ఆగాలి. మూడు సెకన్లు మీకు మూడు నిమిషాల్లా ఉంటాయి, ఉండనివ్వండి.

పెద్దల్లో ఎవరో ఒకరు యాకోబు పత్రిక తీస్తారు, ఇది దాదాపు ఖాయం. "సందేహించువాడు గాలిచేత రేపబడి యెగిరిపడు సముద్రతరంగమును పోలియుండును" అని ఉంది కదా, మీరు సందేహాన్ని ప్రోత్సహిస్తున్నారు అంటారు. వాదించకండి, దాని ముందు వచనం కూడా కలిపి చదవమనండి. జ్ఞానం కొదువైనవాడు దేవుణ్ని అడగాలని, ఆయన ఎవరినీ గద్దించక ఇస్తాడని అక్కడుంది. యాకోబు మందలిస్తున్నది రెండు మనసులతో ఊగేవాణ్ని. దేవుణ్ని అడుగుతాడు, కానీ ఆయన మీద ఆనుకోడు. యోహాను తన ప్రశ్నను నేరుగా ప్రభువు దగ్గరికే పంపాడు. ఇంకా గట్టిగా అంటే యూదా పత్రిక 22వ వచనం, సందేహపడేవారి మీద కనికరం చూపమన్నది, మెల్లగా గుర్తు చేయండి. మీ సంఘంలో బాగా చదువుకున్న పెద్దాయన ఎవరైనా ఉంటే ఇంకోమాట కూడా అనొచ్చు: యోహానుకు సందేహం రాలేదు, శిష్యుల కోసం అలా అడిగించాడు అని. అది పాత వ్యాఖ్యానమే, క్రిసోస్తొము లాంటి తొలి శతాబ్దాల బోధకులు అలాగే చెప్పారు. గౌరవంగా ఒప్పుకుని, యేసు జవాబు "యోహానుకు తెలుపుడి" అనే మొదలవుతుందని చూపిస్తే సరిపోతుంది. ప్రశ్న శిష్యులదే అయితే జవాబు యోహానుకెందుకు పంపుతాడు?

తర్వాతి అరగంట గురించి. అసలు పని అక్కడే జరుగుతుంది, 12 నిమిషాలు దానికి గేటు లాంటివి. వచ్చి అడిగేవాళ్లకు వెంటనే జవాబు చెప్పకండి. "ఇది నిన్ను ఎప్పటి నుంచి తొలుస్తోంది?" అని అడగండి. నేను ఇన్నేళ్లలో నేర్చుకున్న పనికొచ్చే ప్రశ్న ఇదొక్కటే అనిపిస్తుంది. ఒకసారి ఇంటర్ చదివే అబ్బాయి సృష్టికీ సైన్స్‌కీ పొత్తు ఎలా కుదురుతుందని అడిగాడు. నా దగ్గర జవాబు రెడీగా ఉంది, నోటి చివర ఉంది. ఎందుకో ఆగి, ఎప్పటి నుంచి అన్నాను. "ఫెయిలైనప్పటి నుంచి" అన్నాడు. పరీక్ష తప్పినప్పుడు ఒక పెద్దమనిషి అతనితో, ప్రార్థన మానేశావు కాబట్టే తప్పావు అన్నాడట. ప్రార్థన మానలేదు ఆ పిల్లాడు. ఆ ఒక్క మాట అబద్ధమైతే మిగతావి కూడా అబద్ధమేనేమో అని తవ్వుకుంటూ ఆదికాండం దాకా వచ్చాడు. నేను మొదటే ఆరు దినాల గురించి మొదలుపెట్టి ఉంటే ఇంకో వైరు కొస నా చేతికొచ్చేది. ఆ రోజు సైన్స్ గురించి మాట్లాడనే లేదు, రెండు వారాల తర్వాత మాట్లాడాం. అన్ని సైన్స్ ప్రశ్నల వెనకా గాయముంటుందని కాదు. కొందరికి నిజంగా సైన్సే కావాలి, వాళ్లు "ఎప్పటి నుంచి" అంటే "మొన్న క్లాసులో విన్నప్పటి నుంచి" అంటారు. వాళ్లకు చదివి వచ్చి జవాబు చెప్పాలి, కళ్లలోకి చూసి తలూపితే సరిపోదు.

మీరు చెప్పిన మిగతా ప్రశ్నలు, నరకం, వేరే మతాలు, వాటికి వచ్చే నెలల్లో ఒక్కోదానికి ఒక్కో మీటింగ్ ఇవ్వండి. ప్రశ్నలు తీసుకోవడానికి చీటీలు పెట్టండి. ముప్పై మందే కాబట్టి చేతిరాత పట్టేస్తారు, అందుకే అందరికీ ఒకే కాగితం, ఒకే రకం పెన్నులిచ్చి అచ్చు అక్షరాల్లా రాయమనండి. ప్రశ్న లేనివాళ్లు తమకిష్టమైన పాట పేరు రాయాలి. అప్పుడు అందరి పెన్నూ కదులుతుంది, ఎవరు అడిగారో ఎవరికీ తెలియదు. చీటీలు మీరొక్కరే చదవండి, ఎవరి కథో తెలిసిపోయే చీటీని బయటికి చదవొద్దు.

ఆ చీటీల్లో గానీ, ఆ అరగంటలో గానీ "బతకాలని లేదు" అనే అర్థం వచ్చే మాట కనిపిస్తే దాన్ని విశ్వాసానికి సంబంధించిన ప్రశ్నగా తీసుకోకండి. ఎవరికీ చెప్పనని మాట ఇవ్వొద్దు. ఆ పిల్లను, పిల్లాణ్ని ఒంటరిగా ఇంటికి పంపొద్దు. అదే రోజు ఇంట్లో నమ్మదగిన పెద్దవాళ్లకు చెప్పి డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లే ఏర్పాటు చేయాలి. ఒకవేళ ఇంట్లోవాళ్ల వల్లే ఆ స్థితి వచ్చిందని తెలిస్తే ఇంకో బాధ్యతగల పెద్దమనిషిని వెతకాలి. ప్రార్థన చేయండి, దాంతో పాటు ఇవన్నీ కూడా చేయండి. చీటీకి పేరు లేకపోతే అందరి ముందూ "ఒక చీటీ నన్ను ఆపేసింది, రాసినవాళ్లు ఈరోజే నాతోనో అక్కతోనో మాట్లాడండి" అని చెప్పి, ఎవరో తేలేదాకా వదలకండి.

ఆ చెల్లితో మాట్లాడేటప్పుడు మీ నోటికి తెలియకుండా వచ్చే మాటలు కొన్నుంటాయి. "దేవుడికి నాన్నగారు ఎక్కువ అవసరమయ్యారేమో" అనొద్దు. దేవుడు నాన్నను లాక్కున్నాడని వినిపిస్తుంది. "సమస్తము సమకూడి మేలుకే" అన్న వాక్యం సత్యమే, కానీ అది ఆమె ఎప్పటికైనా తనకు తానుగా అనాల్సిన మాట, మీరు ఆమె చేతిలో పెట్టాల్సింది కాదు. యోబు స్నేహితులు ఏడు రోజులు నేల మీద మౌనంగా కూర్చున్నంతసేపు బాగానే ఉన్నారు. నోరు తెరిచాక దేవుణ్ని వెనకేసుకొచ్చారు, అయినా చివర్లో దేవుడు మందలించింది వాళ్లనే, నన్ను గూర్చి యోబు పలికినట్టు యుక్తమైనది మీరు పలకలేదని. నాన్నగారి గురించి ఏదైనా చెప్పమని అడగండి. ఏం పని చేసేవారు, ఎలా నవ్వేవారు. ఆయన పోయాక ఆయన జబ్బు గురించి అడిగినవాళ్లే తప్ప ఆయన గురించి అడిగినవాళ్లు ఉండరు.

శనివారం ఆమె కూర్చునే చోటు కూడా చూసుకోండి. తలుపుకు దగ్గరగా, తోడున్న అక్క పక్కనే. ఐదో వచనంలో "చనిపోయినవారు లేపబడుచున్నారు" అని చదువుతారని ముందే చెప్పి ఉంచండి, హఠాత్తుగా చెవిన పడకూడదు. మధ్యలో లేచి బయటికి వెళ్లినా ఎవరూ తిరిగి చూడకుండా మీరు మాట్లాడుతూనే ఉండాలి, అక్క వెనకే వెళ్తుంది.

ఇక ఆమె "వద్దన్నా, దాని గురించి మాట్లాడొద్దు" అంటే, మాట్లాడకండి. యోహానును వేరే నెలకు దాచుకుని 13వ కీర్తన తీసుకోండి. ఆరు వచనాలే. మొదటి రెండింటిలోనే "ఎన్నాళ్లు, ఎంతకాలం, ఎంతవరకు" అని నాలుగుసార్లు అడుగుతాడు దావీదు, చావు మాట పెద్దగా రాదు, ఎవరి ఇంటి సంగతీ గుర్తు రాదు. ఆ రోజు కూడా అరగంట అక్కడే ఉండండి. ఆమె రాకపోవచ్చు. కుర్చీలు సర్దేటప్పుడు వస్తే మాత్రం మీ చేతిలో ఉన్న కుర్చీ కింద పెట్టేయండి.